పేనుకొరుకుడు: సూది వేసిన చోట జుట్టు వస్తుంది, మరి జబ్బు ఆగుతుందా?

తల దువ్వుతున్నప్పుడో, వెనక నిలబడ్డవాళ్లు చెప్పినప్పుడో తెలుస్తుంది. రూపాయి బిళ్లంత మేర జుట్టు లేదు. అక్కడ చర్మం నున్నగా, శుభ్రంగా ఉంటుంది. నొప్పి ఉండదు, పొట్టు రాలదు, చాలామందికి దురద కూడా ఉండదు. నిన్నటిదాకా జుట్టున్న చోట ఇవాళ వేలికి నున్నటి చర్మం తగులుతుంది. దీన్నే మనం పేనుకొరుకుడు అంటాం, డాక్టర్లు అలోపేసియా ఏరియేటా అంటారు. పేరులో పేను ఉన్నా జబ్బులో లేదు. ఏ పురుగూ కొరకదు. ఒకరి నుంచి ఒకరికి అంటదు కాబట్టి దువ్వెన, దిండు వేరు చేయాల్సిన పని లేదు. దీనికి డాక్టర్లు జుట్టు పోయిన చోట, అంటే ప్యాచ్‌లో, స్టిరాయిడ్ సూది మందు వేస్తుంటారు.

అసలు సంగతి చర్మం కింద జరుగుతుంది. వెంట్రుక తయారయ్యేది కుదురు అట్టడుగున ఉండే ఉబ్బులో. మామూలుగా ఈ చోటు శరీర రక్షణ వ్యవస్థ కంట పడకుండా దాగి ఉంటుంది. ఏ కారణంగానో ఆ మరుగు తొలగిపోతే, రక్షణ కణాల్లో ఒక రకమైన లింఫోసైట్లు ఆ ఉబ్బు చుట్టూ గుమిగూడతాయి. చిన్న చర్మం ముక్క తీసి పరీక్షించే బయాప్సీలో చూస్తే తేనెటీగలు మూగినట్టే కనిపిస్తాయి. ఆ దాడిలో వెంట్రుక తయారీ మధ్యలోనే చెడిపోతుంది. పెరుగుతున్న వెంట్రుక బలహీనపడి తెగిపోతుంది, లేదా వేరుతో ఊడొస్తుంది.

అయితే కొత్త వెంట్రుకను మొదలుపెట్టే మూలకణాలు ఆ ఉబ్బులో ఉండవు, కుదురులో ఇంకా పైన ఉంటాయి. దాడి వాటి దాకా పోదు. అందుకే కుదురు చావదు, పని మాత్రం ఆపేస్తుంది. దాడి తగ్గితే మళ్లీ మొదలుపెట్టగలదు. నెలల తరవాత, కొందరిలో ఏళ్ల తరవాత కూడా జుట్టు తిరిగి రావడానికి కారణం ఇదే. ఎప్పుడు వస్తుందో చెప్పలేకపోవడానికీ ఇదే కారణం: మొలవడం కుదురు చేతిలో లేదు, దాడి ఎప్పుడు విరమిస్తుందన్న దాని మీద ఆధారపడి ఉంది.

అంచు చూస్తే తెలిసేవి

ప్యాచ్ మధ్యలో కంటే అంచులో సమాచారం ఎక్కువ. జబ్బు సాధారణంగా ఒక చోట మొదలై చుట్టూ పాకుతుంది, గుండ్రటి ఆకారం అలా వస్తుంది. కాబట్టి ఇప్పుడు ఏం జరుగుతోందో అంచు దగ్గర కనిపిస్తుంది. వెలుతురులో భూతద్దంతో చూస్తే మూడు నాలుగు మిల్లీమీటర్ల పొట్టి వెంట్రుకలు కొన్ని కనిపించవచ్చు. అవి కొస దగ్గర లావుగా, చర్మం దగ్గర సన్నగా ఉంటాయి. ఆశ్చర్యార్థకం గుర్తులా ఉంటాయి కాబట్టి వాటికి ఆ పేరే పెట్టారు. ఇవి కనిపిస్తే అక్కడ దాడి ఇంకా సాగుతోందని అర్థం.

డాక్టరు చేసే లాగుడు పరీక్ష కూడా ఇందుకే. ప్యాచ్ అంచున యాభై అరవై వెంట్రుకల్ని వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా, గట్టిపట్టుతో కొసదాకా లాగుతారు. ఐదారు కంటే ఎక్కువ ఊడొస్తే ప్యాచ్ ఇంకా పెరిగే దశలో ఉందన్నమాట. ఒకటో రెండో వస్తే లెక్కలోకి రాదు, తలంటుకుని ఒక రోజు గడిచాక చేస్తే ఫలితం మరింత నమ్మదగ్గది.

ఇంకో వింత లక్షణం ఉంది. ఈ జబ్బు నల్ల వెంట్రుకల మీదే ఎక్కువగా పడుతుంది, తెల్లవి తరచుగా తప్పించుకుంటాయి. నెరిసీ నెరవని తలలో నల్లవన్నీ వేగంగా రాలిపోతే తెల్లవే మిగులుతాయి. ఒక్కసారిగా జుట్టు తెల్లబడిందని చెప్పుకునే ఉదంతాల వెనక చాలావరకు జరిగేది ఇదే. తిరిగి మొలిచేటప్పుడూ మొదట తెల్లటి నూగే వస్తుంది. అది చూసి కంగారు పడనక్కర్లేదు, చాలామందిలో ఆ వెంట్రుకలే తరవాత రంగు పుంజుకుంటాయి.

సూది వేసే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఇది నిజంగా పేనుకొరుకుడేనా? ప్యాచ్ మీద పొట్టు, ఎర్రదనం, దురద, చర్మం దగ్గరే తెగిన వెంట్రుకలు ఉంటే, ముఖ్యంగా పిల్లల్లో, అది తామర కావచ్చు. ఫంగస్ ఉన్న చోట స్టిరాయిడ్ వేస్తే ఫంగస్‌కి బలం ఇచ్చినట్టే. చర్మం మెరుస్తూ, వెంట్రుక రంధ్రాలు అసలే కనిపించకుండా ఉంటే అది మచ్చ పడే జబ్బు, అక్కడ కుదుళ్లే నాశనమవుతాయి, చికిత్స వేరు. పేనుకొరుకుడులో చర్మం నున్నగా ఉన్నా రంధ్రాలు మిగిలే ఉంటాయి. చర్మాన్ని పెద్దది చేసి చూపే డెర్మోస్కోప్ కింద వాటిలో పసుపు చుక్కలు, నల్ల చుక్కలు కనిపిస్తాయి. చాలామందికి ఈ పరీక్షే సరిపోతుంది. థైరాయిడ్ జబ్బు దీనితో కలిసి కనిపించడం కద్దు కాబట్టి లక్షణాలుంటే ఆ రక్తపరీక్ష కూడా రాస్తారు.

ఎవరికి ఎప్పుడు మొలుస్తుంది

ఒకటి రెండు చిన్న ప్యాచ్‌లు, అవి వచ్చి ఏడాది కాలేదు అనుకుందాం. ఇలాంటివాళ్లలో ఏ చికిత్సా లేకుండానే ఏడాదిలోపు సుమారు సగం మందికి జుట్టు తిరిగి వస్తుంది, ఇంకొంత కాలం ఆగితే ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది. అందుకని ఏమీ చేయకుండా వేచి చూడటం కూడా ఒక నిర్ణయమే. అది నిర్లక్ష్యం కాదు, మంచి డాక్టర్లు దాన్ని కూడా ఒక దారిగా ముందుంచుతారు.

అయితే అదే జబ్బు కొందరిలో తలంతా పాకుతుంది, కనుబొమలు, ఒంటి మీది రోమాలు కూడా పోతాయి. ఆ స్థితికి చేరితే వాటంతటవి పూర్తిగా తిరిగి రావడం పదిమందిలో ఒకరికి కూడా కష్టం. ఎవరు ఏ దారిన పోతారో మొదటి ప్యాచ్ చూసి చెప్పడం సాధ్యం కాదు. కొన్ని సూచనలు మాత్రం ఉన్నాయి: చిన్నతనంలోనే మొదలవడం, గోళ్ల మీద సూదితో పొడిచినట్టు చిన్న గుంటలు, ఆస్తమా లేదా ఎగ్జిమా లాంటి అలర్జీ స్వభావం, వెనక మెడ మీదుగా చెవుల పైకి పట్టీలా సాగే నష్టం, ఏళ్లతరబడి నిలిచిపోయిన ప్యాచ్. వీటిలో ఏదైనా ఉంటే మొండిగా ఉండే అవకాశం ఎక్కువ. ఉన్నా సులువుగా బాగుపడ్డవాళ్లున్నారు, లేకున్నా పాకినవాళ్లున్నారు.

అంతకంటే తికమక పెట్టేది ఒకే తల మీద జరిగే వింత. ఎడమ వైపు ప్యాచ్‌లో నూగు వస్తుంటే కుడి వైపు కొత్తది తెరుచుకుంటుంది. ఒకసారి పూర్తిగా తగ్గినవాళ్లలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ వస్తుంది, అది ఆరు నెలలకు కావచ్చు, పదేళ్లకు కావచ్చు.

దీని ఫలితం ఏమిటంటే, సగం మందికి దానంతటదే తగ్గే జబ్బులో ఏది రాసినా సగం మందికి పనిచేసినట్టే కనిపిస్తుంది. ఏ నూనె వాడితే ఆ నూనెకు, ఏ మాత్ర మింగితే ఆ మాత్రకు పేరొస్తుంది. స్టిరాయిడ్ ఇంజెక్షన్‌కు కూడా ఇదే ప్రశ్న వేయాలి. ఈ చికిత్సలో మంచి సంగతి ఏమిటంటే, ఆ ప్రశ్నకు జవాబు చర్మం మీదే కనిపిస్తుంది.

సూది మందు ఎలా వేస్తారు

వాడే మందు ట్రయామ్సినలోన్ అసిటోనైడ్. ఇది నీళ్లలో కరిగిపోయే మందు కాదు, సన్నటి స్ఫటికాలు తేలుతున్న తెల్లటి ద్రవం. చర్మంలోకి వెళ్లాక ఆ స్ఫటికాలు వారాలపాటు కొద్దికొద్దిగా కరుగుతూ, చుట్టూ మూగిన లింఫోసైట్లను అణుస్తాయి. నెల నుంచి నెలన్నరకు ఒకసారి వేస్తే సరిపోవడానికి కారణం అదే. స్ఫటికాలు అడుగుకు చేరతాయి కాబట్టి సీసాను, తరవాత సిరంజిని కదిలించకపోతే కొన్ని సూదుల్లో నీళ్లు, కొన్ని సూదుల్లో మందు పడతాయి.

తల మీద సాధారణంగా మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల బలం వాడతారు. మొండి ప్యాచ్‌లో 10 దాకా వెళ్తారు. కనుబొమల దగ్గర చర్మం పలచన, అక్కడ 2.5 మాత్రమే. సీసాలు మిల్లీలీటరుకు 10, 40 మిల్లీగ్రాముల బలాల్లో దొరుకుతాయి. 40 సీసాను 10 అనుకుని కలిపితే ప్రతి చుక్కలో నాలుగింతల మందు పోతుంది, చర్మం కుంగిపోవడానికి అది చాలు. మందు కలిపే ముందు సీసా మీది అంకె పైకి చదవమని అడగడంలో తప్పేం లేదు.

ఒక లెక్క వేసి చూద్దాం. ముప్పై ఏళ్ల మనిషి, నాలుగు నెలలుగా మూడు ప్యాచ్‌లు: తల వెనక 3 సెంటీమీటర్ల వ్యాసంతో ఒకటి, చెవి పైన 2 సెంటీమీటర్లది ఒకటి, నడినెత్తి మీద 1 సెంటీమీటరుది ఒకటి. 10 బలం ఉన్న మందు 1 మిల్లీలీటరు తీసుకుని అంతే సెలైన్ కలిపితే 5 బలంతో 2 మిల్లీలీటర్లు తయారవుతుంది. సెలైన్ బదులు చోటును మొద్దుబార్చే లిగ్నోకైన్ కలిపేవాళ్లూ ఉన్నారు. సూదికీ సూదికీ మధ్య సెంటీమీటరు ఎడం, ఒక్కో చోట 0.1 మిల్లీలీటరు. పెద్ద ప్యాచ్‌కి మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు, మొత్తం ఏడు పోట్లు. రెండోదానికి నాలుగు. చిన్నదానికి ఒకటి చాలు. పన్నెండు పోట్లకు 1.2 మిల్లీలీటర్లు, అంటే 6 మిల్లీగ్రాముల మందు. ఒక విడతకు 20 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోవడం చాలామంది పాటించే హద్దు, కాబట్టి ఇది ఎంతో లోపలే ఉంది.

చిన్న మోతాదుల కోసం చాలాచోట్ల ఇన్సులిన్ సిరంజి వాడతారు. సూది సన్నం, నొప్పి తక్కువ. కానీ ఇక్కడే ఒక పొరపాటు పొంచి ఉంటుంది. 40 యూనిట్ల ఇన్సులిన్ కోసం చేసిన సిరంజిలో 0.1 మిల్లీలీటరు అంటే 4 గీతలు. 100 యూనిట్ల సిరంజిలో అదే మోతాదు 10 యూనిట్లు. ఒకదాని లెక్క ఇంకోదాని మీద వేస్తే మోతాదు రెండున్నర రెట్లు తేడా వస్తుంది.

ఇక లోతు. వెంట్రుక ఉబ్బులు చర్మం అడుగు పొరకూ దాని కింది కొవ్వుకూ సరిహద్దులో ఉంటాయి. మందు పడాల్సింది ఆ సరిహద్దుకు కాస్త పైన. సూది సరైన చోట ఉంటే పిస్టన్ నొక్కుతున్నప్పుడు వేలికి కొంత బిగువు తెలుస్తుంది. ఏ అడ్డూ లేకుండా జారిపోతే సూది కొవ్వులోకి దిగిపోయింది, అక్కడ పడ్డ మందు కొవ్వును కరిగించి గుంట చేస్తుంది. చర్మం పైన వెంటనే తెల్లటి బొబ్బలా లేస్తే సూది మరీ పైన ఉంది, అలాంటప్పుడు చర్మం పలచబడి కింది సన్న రక్తనాళాలు కనిపించే ప్రమాదం. నైపుణ్యమంతా ఈ రెండు మిల్లీమీటర్ల తేడాలోనే ఉంది. ఈ అంకెలన్నీ మీ తల మీద ఏం జరుగుతోందో తెలియడానికే తప్ప ఇంట్లో ఎవరితోనైనా వేయించుకోవడానికి కాదు.

పోటు నొప్పి ఉంటుంది, ముఖ్యంగా నుదుటికి దగ్గరగా. ముందు మంచుముక్క పెట్టడమో మత్తు క్రీము రాయడమో చేస్తే తగ్గుతుంది. రక్తం చుక్క వస్తే దూదితో ఒక నిమిషం అదిమితే ఆగుతుంది. షుగర్ ఉన్నవాళ్లు ఆ వారం ఒకటి రెండుసార్లు ఎక్కువ పరీక్షించుకోవడం మంచిది. కొందరు స్త్రీలలో ఆ నెల బహిష్టు కాస్త అటూఇటూ అవుతుంది.

పనిచేసిందో లేదో ఎలా తెలుసుకోవాలి

మొదటి నూగు కనిపించడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. రెండు వారాలకే ఏమీ రాలేదని నిరాశ పడితే అది మందు తప్పు కాదు, నిద్రపోయిన కుదురు లేచి వెంట్రుకను చర్మం పైదాకా నెట్టడానికి ఆ మాత్రం సమయం కావాలి. ఆ పైన నెలకు సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. పొట్టి క్రాపులో మూడు నాలుగు నెలలకు కలిసిపోతుంది, భుజాల దాకా ఉన్న జుట్టులో కలవాలంటే రెండేళ్లకు పైనే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. వచ్చిన జుట్టు మందు వల్లనా, దానంతటదేనా? మందు వల్ల అయితే జుట్టు ప్యాచ్ అంతా ఒకేలా మొలవదు. ముందుగా సూది గుచ్చిన చోటల్లా చిన్న కుచ్చులుగా మొలుస్తుంది, మధ్యలో ఖాళీలు మిగులుతాయి. పై ఉదాహరణలో పెద్ద ప్యాచ్ మీద మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు కుచ్చులు నాటినట్టు కనిపిస్తే మందే పని చేసిందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. దానంతటదే తగ్గుతుంటే నూగు మధ్య నుంచో అంచుల నుంచో ప్యాచ్ అంతా పరుచుకుంటుంది. ఇంకా నమ్మకంగా తెలుసుకోవాలంటే ఒక చిన్న ప్యాచ్‌ని సూది వేయకుండా వదిలేయమని డాక్టర్ని అడగొచ్చు. రెండు నెలలకు సూది వేసినవాటిలో కుచ్చులు వచ్చి, వదిలేసినది అలాగే ఉంటే తేడా కంటికి తెలుస్తుంది. వదిలేసిన దానిలోనూ అదే వేగంతో వస్తే జబ్బే వెనక్కి తగ్గుతోంది, ఇక పోట్లు ఆపేయవచ్చు.

జ్ఞాపకం మీద ఆధారపడితే మోసపోతాం. ప్రతి విడతకు ముందు ఒకే చోట, ఒకే వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయాలి. తడి జుట్టుతో ఒకసారి, పొడి జుట్టుతో ఒకసారి తీస్తే పోల్చడానికి పనికిరావు.

రెండో విడతకు వెళ్లినప్పుడు పాత పోట్ల చోట చర్మం కాస్త కుంగి ఉందేమో వేలితో తడిమి చూడాలి. కుంగి ఉంటే ఆ చోట మళ్లీ వేయకూడదు. చాలావరకు ఆ గుంట నెలల్లో దానంతటదే పూడుతుంది, కానీ పూడకముందే మళ్లీ గుచ్చితే నిలిచిపోవచ్చు. వెంట్రుకలు వచ్చేసిన భాగానికీ మందు అక్కర్లేదు, ఖాళీలకే వేయాలి. కాబట్టి విడత విడతకూ పోట్లు తగ్గాలి. ప్రతిసారీ అవే పన్నెండు పడుతుంటే ఎందుకని అడగాలి.

ఆరు నెలలు గడిచినా, అంటే నాలుగైదు విడతలు అయినా, ఒక్క కుచ్చు రాకపోతే ఆపేయడమే సరైన పని. కొందరి కుదుళ్లు ఈ మందుకు స్పందించవు, బలం పెంచితే గుంటలు పెరుగుతాయి తప్ప జుట్టు పెరగదు. అప్పుడు నిర్ధారణనే మళ్లీ పరిశీలించాలి, అవసరమైతే చిన్న బయాప్సీ చేస్తారు.

ఈ సూది చేయలేనిది

మందు పడ్డ చోటికే పని చేస్తుంది. ఐదు మిల్లీమీటర్ల అవతల దాని ప్రభావం దాదాపు ఉండదు. కొత్త ప్యాచ్ రాకుండా ఆపదు, జబ్బు దారిని మార్చదు. ఆరోగ్యంగా ఉన్న చోట ముందుజాగ్రత్తగా వేయడం దండగ.

విస్తీర్ణం కూడా అడ్డే. మాడు 600 చదరపు సెంటీమీటర్లకు పైనే ఉంటుంది. సగం తల పోతే చదరపు సెంటీమీటరుకు ఒకటి చొప్పున మూడు వందల పోట్లు కావాలి. 5 బలంతో 20 మిల్లీగ్రాముల హద్దులో నలభై పోట్లే పడతాయి. అందుకే సగం తల దాటినవాళ్లకు, రోజురోజుకూ పాకుతున్నవాళ్లకు ఈ పద్ధతి చెప్పరు. చిన్నపిల్లలు ఇన్ని పోట్లు ఓర్చుకోలేరు, వాళ్లకు క్లోబెటసాల్ లాంటి బలమైన స్టిరాయిడ్ పూతతో మొదలుపెడతారు.

జబ్బు విస్తరించినప్పుడు స్టిరాయిడ్ మాత్రలు మింగితే జుట్టు వస్తుంది, మోతాదు తగ్గించగానే చాలామందికి మళ్లీ రాలుతుంది. చర్మం మీద కావాలని అలర్జీ పుట్టించే రసాయనం వారం వారం పూసి, రక్షణ కణాల దృష్టి మళ్లించే పద్ధతి ఒకటి పాతకాలం నుంచీ ఉంది. 2022లో అమెరికాలో బారిసిటినిబ్ మాత్రకు తీవ్రమైన పేనుకొరుకుడు ఉన్న పెద్దవాళ్లలో వాడటానికి అనుమతి వచ్చింది, 2023లో పన్నెండేళ్లు దాటినవాళ్లకు రిట్లెసిటినిబ్ వచ్చింది. లింఫోసైట్లకు అందే సంకేతాన్నే ఇవి అడ్డుకుంటాయి. బారిసిటినిబ్ ఎక్కువ మోతాదులో 36 వారాలు వాడినవాళ్లలో మూడోవంతుకు కాస్త పైగా మందికి తల మీద కనీసం ఎనభై శాతం జుట్టు కనిపించింది. డమ్మీ మాత్ర వేసుకున్నవాళ్లలో అది పదిలో ఒకరికి కూడా రాలేదు. ఇన్ఫెక్షన్లు, రక్తం గడ్డకట్టడం లాంటి ప్రమాదాలు ఉన్నాయి కాబట్టి ముందు పరీక్షలు తప్పవు. మానేస్తే చాలామందికి జుట్టు మళ్లీ రాలుతుంది. రెండు ప్యాచ్‌లున్న మనిషికి ఈ మాత్ర అక్కర్లేదు.

మన ఉదాహరణలోని మనిషి దగ్గరికే వద్దాం. మూడు విడతల తరవాత మూడు ప్యాచ్‌లూ నిండాయి అనుకుందాం, నాలుగో నెలలో వెనక మెడ దగ్గర కొత్తది కనిపించింది. దాని అర్థం చికిత్స విఫలమైందని కాదు. సూది తన హద్దులో తన పని చేసింది, జబ్బు ఇంకా చల్లబడలేదు, అంతే. కొత్త ప్యాచ్‌కి కొత్తగా లెక్క మొదలవుతుంది: అంచులో ఆశ్చర్యార్థకం వెంట్రుకలు ఉన్నాయా, లాగితే ఎన్ని వస్తున్నాయి, పక్కకు పట్టీలా సాగుతోందా. ఒక్కటిగానే ఉంటే ముందులాగే నాలుగు పోట్లు, ఫొటో, ఆరు వారాలు. నెల తిరిగేసరికి పక్కన రెండోది, మూడోది తెరుచుకుని అవి ఒకదానికొకటి కలుస్తుంటే సిరంజి పక్కన పెట్టి, ఒంటినంతటినీ లెక్కలోకి తీసుకునే మందుల గురించి డాక్టరుతో మాట్లాడాల్సిన సమయం అది.